పొగ మానిన వారం

స్కిజోఫ్రీనియాకు రెండు రకాల మందులు వాడి చూసినా చెవిలో గొంతులు ఆగనప్పుడు డాక్టర్లు ఆశ్రయించే మందు క్లోజపైన్. మిగతావి లొంగదీయలేని జబ్బును ఇది చాలామందిలో లొంగదీస్తుంది. కానీ దీన్ని వేసి వదిలేయడం కుదరదు. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కనుక మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష చేయించాలి. డోసు కూడా చాలా కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

ఈ మందు వాడే ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు నలభై. రోజుకు ఇరవై సిగరెట్లు కాలుస్తాడు. ఉదయం, రాత్రి కలిపి 400 మిల్లీగ్రాముల క్లోజపైన్ వేసుకుంటాడు. రెండేళ్లుగా నిలకడగా ఉన్నాడు, కొట్టు చూసుకుంటున్నాడు. రక్తంలో మందు ఎంత ఉందో కొలిస్తే మిల్లీలీటరుకు 420 నానోగ్రాములు వచ్చింది. ఈ మందు పనిచేయాలంటే సాధారణంగా 350 దాటాలి. 600 దాటాక దుష్ప్రభావాలు బలపడతాయి, 1000 దాటితే ఫిట్స్ వస్తాయేమోనని భయపడాలి. కాబట్టి 420 చక్కటి అంకె.

ఒకరోజు స్కూటరు మీంచి పడి ఇతని కాలు విరిగింది. ఆసుపత్రిలో చేర్చారు. వార్డులో పొగ తాగనివ్వరు, లేచి బయటికి పోవడానికి కాలు లేదు. క్లోజపైన్ మాత్రలు మాత్రం నర్సు వేళ తప్పకుండా ఇస్తోంది, అదే కంపెనీవి, అదే 400 మిల్లీగ్రాములు. మూడో రోజుకు మనిషి మత్తుగా ఉన్నాడు. నొప్పి మందుల వల్లనేమో అనుకున్నారు. అయిదో రోజుకు పొద్దున లేపితే తలగడ చొంగతో తడిసిపోయి ఉంది, మాట ముద్దగా వస్తోంది, గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఉన్నట్టుండి ఎగిరిపడుతోంది. వారం తిరిగేసరికి రక్తపరీక్షలో క్లోజపైన్ 700కు చేరింది.

ఎవరూ ఒక్క మిల్లీగ్రాము ఎక్కువ ఇవ్వలేదు. మారింది ఒక్కటే, అతను సిగరెట్ తాగడం లేదు.

మనం మింగే మందుల్లో చాలా భాగం కొవ్వులో కరిగే రకం. పేగు గోడ దాటి, కణాల పొరలు దాటి లోపలికి పోవాలంటే ఆ గుణం ఉండాలి. కానీ అదే గుణం వాటిని బయటికి పోనివ్వదు. మూత్రపిండం వాటిని వడపోసినా, నాళాల గోడల్లోంచి మళ్లీ రక్తంలోకి ఇంకిపోతాయి. నీటిలో కరిగేలా మార్చితే తప్ప శరీరం వాటిని వదిలించుకోలేదు. ఆ మార్పు చేసే పని ముఖ్యంగా కాలేయానిది, కొంత పేగు గోడది. అందులో మొదటి అంగ వేసేవి సైటోక్రోమ్ పి450 అనే ఎంజైమ్‌ల కుటుంబం.

ఈ ఎంజైమ్ నడిమధ్యన రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఉన్నట్టే ఇనుముతో కూడిన హీమ్ ఉంటుంది. అక్కడ ఒక ఆక్సిజన్ అణువును పట్టి రెండు ముక్కలు చేస్తుంది. ఒక పరమాణువును మందుకు అతికిస్తుంది, రెండోది నీరైపోతుంది. అలా అతికిన ఆక్సిజన్ ఒక పిడిలా పనికొస్తుంది. తర్వాతి దశ ఎంజైమ్‌లు దాన్ని పట్టుకుని గ్లూకురోనిక్ ఆమ్లం వంటి నీటిలో కరిగే ముక్కను తగిలిస్తాయి. ఇక మందు మూత్రంలోనో, పైత్యరసంలోనో బయటపడుతుంది. పేరులోని 450 ఎక్కడిదంటే, కాలేయ కణాల పొరల మీద కార్బన్ మోనాక్సైడ్ పట్టించి వెలుగు పరీక్ష చేసినప్పుడు 450 నానోమీటర్ల దగ్గర శిఖరం కనిపించింది. జపాన్ శాస్త్రవేత్తలు ఒమురా, సాటో 1960ల తొలినాళ్లలో ఆ శిఖరం ఒక హీమ్ ప్రోటీన్‌దని తేల్చి ఆ అంకెనే పేరుగా పెట్టారు.

మనిషిలో ఈ కుటుంబానికి 57 జన్యువులున్నాయి. మందుల సంగతి వరకూ చూస్తే అరడజను ఎంజైమ్‌లు అధిక భాగం పని లాగిస్తాయి. ఈ అధ్యాయానికి ముఖ్యంగా రెండు చాలు. క్లోజపైన్‌ను, కాఫీలోని కెఫీన్‌ను ప్రధానంగా విరగ్గొట్టేది సీవైపీ 1ఏ2. మందుల షాపులో దొరికే వాటిలో దాదాపు సగానికి ఏదో ఒక మేర చెయ్యి తగిలించేది సీవైపీ 3ఏ4. ఈ రెండోదాని పని చోటు చాలా విశాలమైనది, ఆకారంతో పట్టింపు తక్కువ. బీపీ మందు, కొలెస్ట్రాల్ మందు, మూత్రపిండం మార్చినవారు వేసుకునే మందు, అన్నీ అందులోకే వెళ్తాయి. మందుల మధ్య తగాదాలు ఇక్కడే ఎక్కువగా పుట్టడం అందుకే.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఎంజైమ్ కూడా ప్రోటీనే. కణం దాన్ని రోజూ తయారుచేస్తుంది, రోజూ కొంత విరగ్గొట్టి పారేస్తుంది. తయారీ పెరిగితే నిల్వ నెమ్మదిగా పెరుగుతుంది, తయారీ తగ్గితే పాత నిల్వ నెమ్మదిగా తరుగుతుంది. ఆ నెమ్మదితనంలోనే మన స్కూటరు మనిషి కథంతా ఉంది.

సిగరెట్టు, బీడీ, చుట్ట, ఏది కాల్చినా ఆకు పూర్తిగా మండదు. సగం మండిన పొగలో పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు అనే పదార్థాలుంటాయి. ఇవి కాలేయ కణంలోకి పోయి అక్కడున్న ఏహెచ్‌ఆర్ అనే గ్రాహక ప్రోటీన్‌కు అతుక్కుంటాయి. ఆ ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి సీవైపీ 1ఏ2 జన్యువును మరింత పనిచేయిస్తుంది. శరీరం దృష్టిలో ఇది ఆత్మరక్షణే. పొగలోని విషాలను విరగ్గొట్టడానికి ఎంజైమ్‌ను పెంచుకుంటోంది. ఇదే కుటుంబంలోని దగ్గరి చుట్టం 1ఏ1 ఆ పనిలో బెంజోపైరీన్‌ను క్యాన్సర్ తెచ్చే రూపంలోకి మార్చిపెడుతుంది. రక్షణ ఎప్పుడూ రక్షణగానే ముగియదు.

పెరిగిన ఎంజైమ్ క్లోజపైన్‌ను కూడా వేగంగా విరగ్గొడుతుంది. కాబట్టి పొగ తాగేవారి రక్తంలో అదే డోసుకు తాగనివారికన్నా మందు బాగా తక్కువగా, చాలామందిలో సగం దాకా తక్కువగా ఉంటుంది. మన మనిషికి 400 మిల్లీగ్రాములు సరిపోయాయంటే, అతని డోసు అతని సిగరెట్ల లెక్క చూసుకుని కుదిరిందన్నమాట. ఆ లెక్క ఎవరూ కాగితం మీద వేయలేదు. డాక్టరు రోగిని చూస్తూ, రక్తపరీక్ష చూస్తూ డోసు పెంచుతూ వచ్చేసరికి అది తనంతట తానే కలిసిపోయింది.

పొగ ఆగిన రోజున కొత్త ఎంజైమ్ తయారీ తగ్గిపోతుంది. పాతది మిగిలి ఉంటుంది. పొగ వల్ల అదనంగా పోగైన ఎంజైమ్ పని సగానికి పడిపోవడానికి దాదాపు 39 గంటలు పడుతుందని కెఫీన్‌తో చేసిన కొలతల్లో తేలింది. దీన్ని మన మనిషికి అన్వయిద్దాం. అతని శరీరం క్లోజపైన్‌ను తొలగించే వేగం పొగ తాగే రోజుల్లో 100 అనుకుందాం, పొగ పూర్తిగా వదిలాక అది 58 దగ్గర ఆగుతుందనుకుందాం. అదనం 42. ఒకటిన్నర రోజు దాటేసరికి ఆ అదనంలో సగం పోయి వేగం 79 అవుతుంది, రక్తంలో మందు 530కు ఎగబాకుతుంది. మూడో రోజు దాటాక వేగం 68 పై చిల్లర, మందు 610. అయిదో రోజుకు 660. వారం దాటాక 700 పైన స్థిరపడుతుంది. మొదటి రోజు ఏమీ కనబడదు, వారం చివరికి మనిషి తూలుతుంటాడు. మధ్యలో ఏ రోజునా పెద్ద మార్పు జరిగినట్టు అనిపించదు కాబట్టే వార్డులో ఎవరికీ సిగరెట్ గుర్తుకురాదు.

పై కొలతలు చేసిన పరిశోధకులే ఒక దారి కూడా సూచించారు. పొగ ఆగిన రోజు నుంచి నాలుగు రోజుల పాటు రోజుకు దాదాపు పదో వంతు చొప్పున డోసు తగ్గించుకుంటూ పోవాలి. మన లెక్కలో 400 కాస్తా 360, 320, 280, చివరికి 240. తొలగింపు వేగం 58కి పడినప్పుడు 240 మిల్లీగ్రాములు వేస్తే రక్తంలో మందు మళ్లీ 430 దగ్గరకే వస్తుంది. ఇది కాగితం మీది లెక్క. అసలు మనుషుల్లో ఒకరికి అదనం 20 ఉండవచ్చు, మరొకరికి 60. అందుకే డోసు మార్చే ముందు ఒకసారి, మార్చాక ఒకసారి రక్తంలో మందును కొలుస్తారు. రోగి ఇంట్లో సొంతంగా చేసుకునే పని కాదిది. ఉన్నపళంగా క్లోజపైన్ మానితే జబ్బు తిరగబెడుతుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2020లో డాక్టర్లకు ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుచేసింది. పొగ మానినా, న్యుమోనియా వంటి గట్టి ఇన్ఫెక్షన్ సోకినా క్లోజపైన్ కొలవమంది. ఇన్ఫెక్షన్ ఎందుకంటే, జ్వరంలో రక్తంలోకి వచ్చే మంట సంకేతాలు ఈ ఎంజైమ్ తయారీని కిందికి తొక్కేస్తాయి.

ఇక్కడ జనం పొరబడే చోట్లు ఉన్నాయి. ఎంజైమ్‌ను పెంచేది నికోటిన్ కాదు, పొగ. నికోటిన్ ప్యాచ్ అంటించుకున్నా, గమ్ నమిలినా, సిగరెట్ ఆగితే ఎంజైమ్ పడిపోతుంది. నోట్లో పెట్టుకునే ఖైనీ, గుట్కాలతో నోటి క్యాన్సర్ వస్తుంది గానీ కాలిన పొగ లేదు కనుక ఈ ప్రభావం ఆశించలేం. రోజుకు ముప్ఫై కాల్చేవాడు పదిహేనుకు దిగితే మందు సగం దూరం పెరుగుతుందనుకోవడమూ తప్పే. రోజుకు పది సిగరెట్ల దగ్గరే ఎంజైమ్ దాదాపు గరిష్ఠానికి చేరి ఉంటుంది. అసలు మార్పు కనిపించేది చివరి కొన్ని సిగరెట్లు మానినప్పుడే.

కాఫీ సంగతీ ఇదే. పొగ తాగేవారి ఒంట్లో కెఫీన్ త్వరగా విరిగిపోతుంది, అందుకే చాలామంది రోజుకు అయిదారు కప్పులు తాగినా వారికేమీ అనిపించదు. సిగరెట్ మానేసి కాఫీ అలాగే కొనసాగిస్తే వారంలో రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. నిద్ర పట్టదు, గుండె దడ, చిరాకు. సిగరెట్ మానినందుకే ఇదంతా అనుకుని మళ్లీ అంటించినవారు ఎంతమందో! కాఫీ సగం తగ్గించమని చెప్పి ఉంటే కొందరైనా నిలబడేవారు.

మన మనిషి కాలు నయమై ఇంటికి పోయాక కథ వెనక్కి తిరుగుతుంది. ఆసుపత్రిలో ఎవరో చురుగ్గా ఆలోచించి డోసు 240కి దించారనుకుందాం. ఇంటికి చేరిన సాయంత్రమే కిళ్లీకొట్టు దగ్గర సిగరెట్ వెలిగించాడు. ఎంజైమ్ పోగవుతుంది, మందు 250కి పడిపోతుంది. ఈసారి మత్తు లేదు, చొంగ లేదు, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. కొన్ని వారాల తర్వాత గొంతులు తిరిగి వస్తాయి. మందులు సరిగ్గా వేసుకోవడం లేదని అతన్నే తిడతారు.

పొగ 1ఏ2 ఎంజైమ్‌ను పెంచుతుంది. గ్రేప్‌ఫ్రూట్ 3ఏ4 ఎంజైమ్‌ను చంపుతుంది. పేరులో ద్రాక్ష ఉన్నా ఇది నిమ్మజాతి పండు, మన దగ్గర పెద్దగా పండదు. కానీ దీని కథ తెలుసుకోదగ్గది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో లండన్ అనే పట్టణం ఉంది. అక్కడ డేవిడ్ బెయిలీ అనే పరిశోధకుడు ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద సారాయి ప్రభావం ఎలా ఉంటుందో చూస్తున్నాడు. ఎవరు సారాయి తాగారో, ఎవరు తాగలేదో పాల్గొనేవారికి తెలియకూడదు, కాబట్టి దాని రుచిని కప్పే రసం కావాలి. ఒక శనివారం సాయంత్రం ఇంట్లోని ఫ్రిజ్‌లో ఉన్న రసాలన్నీ ఒక్కొక్కటిగా రుచి చూసి గ్రేప్‌ఫ్రూట్ రసాన్ని ఎంచుకున్నారు.

ఫలితం వింతగా వచ్చింది. సారాయి తాగినవారికీ తాగనివారికీ రక్తంలోని మందులో పెద్ద తేడా లేదు, కానీ ఇద్దరిలోనూ అది ఇతర ప్రయోగాల్లో వచ్చినదానికన్నా చాలా ఎక్కువగా ఉంది. ఇద్దరికీ కలిసింది రసమే కాబట్టి, పక్కపక్కన పెట్టి పోల్చినంత కాలం దాని పాత్ర కనిపించదు. బెయిలీ వదల్లేదు. తానే మందును ఒకసారి నీళ్లతో, మరోసారి రసంతో వేసుకుని కొలిపించుకున్నాడు. 1991లో లాన్సెట్ పత్రికలో ఆరుగురు మగవారి మీద చేసిన ప్రయోగం వచ్చింది. రసంతో వేసుకుంటే రక్తంలోకి చేరిన ఫెలోడిపిన్ నీళ్లతో వేసుకున్నప్పటికన్నా సగటున 2.8 రెట్లు. ఒకరిలో 1.6 రెట్లే, మరొకరిలో 4.7 రెట్లు. నారింజ రసంతో మార్పు లేదు.

నోటితో మింగిన మందు గుండెకు చేరే దారిలో రెండు టోల్‌గేట్లు ఉన్నాయనుకోవచ్చు, మొదటిది పేగు గోడ, రెండోది కాలేయం. రెండు చోట్లా సీవైపీ 3ఏ4 కాచుకుని ఉంటుంది. ఫెలోడిపిన్‌కు అది పెద్ద సుంకమే వేస్తుంది. 10 మిల్లీగ్రాములు మింగితే చెక్కుచెదరకుండా రక్తప్రవాహానికి చేరేది ఒకటిన్నర మిల్లీగ్రాములే. కంపెనీ ఈ నష్టం ఎంతో కొలిచి, దాన్ని కలుపుకునే మాత్ర తయారుచేసింది. గ్రేప్‌ఫ్రూట్‌లో బెర్గమోటిన్, దాని బంధువర్గానికి చెందిన ఫ్యూరనోకౌమరిన్లు ఉంటాయి. ఎంజైమ్ వాటిని కూడా మామూలుగా విరగ్గొట్టబోతుంది, ఆ క్రమంలో పుట్టిన ముక్క ఎంజైమ్‌కే అతుక్కుని దాన్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. మొదటి గేటు మూతపడినట్టే. 1997లో కొందరు ఆరోగ్యవంతుల పేగు నుంచి చిన్న ముక్క తీసి చూశారు. కొన్ని రోజుల పాటు రసం తాగాక పేగు గోడలో 3ఏ4 ప్రోటీన్ 62 శాతం తగ్గింది. దాన్ని తయారుచేయమనే జన్యు ఆదేశం మాత్రం తగ్గలేదు. కాలేయంలోని ఎంజైమ్ కూడా తగ్గలేదు. తయారైనది తయారైనట్టే నాశనమవుతోంది, అదీ పేగులోనే.

దీన్నుంచి కొన్ని విషయాలు వాటంతటవే వస్తాయి. అదే మందును నరంలోకి ఇంజెక్షన్‌గా ఇస్తే గ్రేప్‌ఫ్రూట్ దాని జోలికి పోదు. ఉదయం రసం తాగి సాయంత్రం మాత్ర వేసుకుంటే ప్రమాదం తప్పదు, ఎందుకంటే పోయిన ఎంజైమ్ స్థానంలో కొత్తది రావాలంటే రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. ఒక గ్లాసు, 200 మిల్లీలీటర్లు చాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది, దారిలో బాగా నష్టపోయే మందుకే పెద్ద ప్రమాదం. మన ఇళ్లలో విరివిగా కనిపించే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ ఫెలోడిపిన్‌కు దగ్గరి చుట్టమే, దాన్ని విరగ్గొట్టేదీ 3ఏ4 ఎంజైమే. కానీ మింగినదాంట్లో అరవై శాతానికి పైగా ముందే రక్తానికి చేరుతుంది. సుంకం మొత్తం ఎత్తేసినా రెండు రెట్లు కావడానికి కూడా చోటు లేదు. పేరు చివర ‘డిపిన్’ ఉందని దీన్నీ అదే గాటన కట్టి భయపడనక్కర్లేదు.

గ్రేప్‌ఫ్రూట్ మనది కాదు గానీ, దాని తల్లి మనదే. పద్దెనిమిదో శతాబ్దంలో బార్బడోస్ దీవిలో పంపర పనసకూ తీపి నారింజకూ జరిగిన సంకరంలో గ్రేప్‌ఫ్రూట్ పుట్టింది. ఫ్యూరనోకౌమరిన్లు పంపర పనసలోనూ ఉన్నాయి. ఆరోగ్యవంతులకు పంపర పనస రసంతో సైక్లోస్పోరిన్ ఇచ్చి చూస్తే రక్తంలో అది పెరిగింది. మూత్రపిండం మార్పిడి చేయించుకుని సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వాడేవారికి ఇది చిన్న విషయం కాదు. ఆ మందులు కాస్త తక్కువైతే శరీరం కొత్త మూత్రపిండాన్ని తిరస్కరిస్తుంది, కాస్త ఎక్కువైతే మందే ఆ మూత్రపిండాన్ని దెబ్బతీస్తుంది. పెరట్లో పంపర పనస చెట్టున్న ఇంటికి ఆసుపత్రి నుంచి వచ్చే ‘గ్రేప్‌ఫ్రూట్ తినవద్దు’ అనే ఇంగ్లీషు చీటీ ఏం చెబుతుంది? ఆ చీటీలో పంపర పనస పేరు కూడా ఉండాలి.

పండుకన్నా మనకు ఎక్కువగా తగిలేది మరో మందు. మన దేశంలో కొన్నేళ్లుగా తామర మొండికేస్తోంది. పూత మందులతో పోవడం లేదు, ఇట్రాకొనజోల్ క్యాప్సూళ్లు వారాల తరబడి వాడాల్సి వస్తోంది. చీటీ లేకుండా షాపులో అడిగి తెచ్చుకునేవారికీ కొదవ లేదు. ఈ మందులోని నైట్రోజన్ పోయి 3ఏ4 నడిమధ్యనున్న ఇనుమును పట్టుకుని కూర్చుంటుంది. ఎంజైమ్ చావదు, పనికి దొరకదు. పేగులోనే కాదు, కాలేయంలో కూడా. కొత్త ప్రోటీన్ తయారవడం, పాతది పోవడం లాంటి ఆలస్యం ఇక్కడ లేదు కాబట్టి ప్రభావం ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది.

అదే మనిషి కొలెస్ట్రాల్‌కు సింవాస్టాటిన్ వేసుకుంటున్నాడనుకోండి. మింగినదాంట్లో అయిదు శాతం కన్నా తక్కువే రక్తానికి చేరే మందు అది. గేట్లు రెండూ మూతపడితే రక్తంలో అది పది రెట్లకు పైగా పెరుగుతుంది. తొడలు, భుజాలు నొప్పి పుడతాయి, మెట్లెక్కలేకపోతాడు. కండరాలు కరిగి వాటి ఎర్ర ప్రోటీన్ మూత్రంలోకి వస్తే మూత్రం కోలా రంగులోకి మారుతుంది. ఆ రంగు కనిపించిందంటే మూత్రపిండాలు ప్రమాదంలో పడ్డట్టే, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. రక్తంలో సీకే అనే పరీక్ష వేలల్లో చూపిస్తుంది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా రాసే అటోర్వాస్టాటిన్‌లో ఈ పెరుగుదల అంత తీవ్రం కాదు, దాదాపు మూడు రెట్లు. రోసువాస్టాటిన్‌ను 3ఏ4 పెద్దగా పట్టించుకోదు. చర్మ డాక్టరు ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అని అడిగినప్పుడు ‘బీపీ ఒక్కటేనండీ’ అనేసి, కొలెస్ట్రాల్ మాత్రను లెక్కలోకి తీసుకోనివారు మనలో చాలామంది.

ఎంజైమ్ తగ్గితే మందు బలం ఎప్పుడూ పెరుగుతుందని కూడా లేదు. స్టెంట్ వేయించుకున్నవారు వాడే క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు ఉత్త పదార్థమే, సీవైపీ 2సీ19 అనే ఎంజైమ్ దాన్ని మార్చాకే రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. గ్యాస్ మాత్ర ఒమిప్రజోల్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అలాంటప్పుడు మందు బలం తగ్గుతుంది. అందుకే స్టెంట్ ఉన్నవారికి గ్యాస్ మాత్ర కావాలంటే, 2సీ19ను తక్కువగా అడ్డుకునే పాంటోప్రజోల్ వైపు మొగ్గుతారు.

పొగ ఒక్క ఎంజైమ్‌నే ముఖ్యంగా పెంచుతుంది. రిఫాంపిసిన్ చాలావాటిని ఒకేసారి పెంచుతుంది. క్షయ చికిత్సకు మూలస్తంభమైన మందు ఇది. మూత్రాన్ని, చెమటను నారింజ రంగులోకి మార్చేది కూడా ఇదే. మన దేశంలో మామూలు క్షయకు ఆరు నెలల కోర్సులో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఇది ఉంటుంది. కాలేయంలోనూ పేగులోనూ ఉండే పీఎక్స్‌ఆర్ అనే గ్రాహకాన్ని పట్టి 3ఏ4, 2సీ9 సహా అనేక ఎంజైమ్‌ల తయారీని ఎగదోస్తుంది. పెరుగుదల పూర్తి కావడానికి వారం నుంచి రెండు వారాలు. మందు ఆపాక దిగడానికీ సుమారు రెండు వారాలు. క్షయ మందులు వాడుతున్న ఆడవారిలో గర్భనిరోధక మాత్రలు పట్టు తప్పుతున్నాయని 1970ల మొదట్లో గమనించారు. నెల మధ్యలో రక్తం కనిపించడం దాని తొలి గుర్తు. మాలా మాత్రలు వేసుకుంటూ క్షయ చికిత్స మొదలుపెట్టినవారు కాపర్ టీ వంటి మరో పద్ధతికి మారాలి. రిఫాంపిసిన్ ఆపాక కూడా 28 రోజుల దాకా మాత్రలను మాత్రమే నమ్ముకోకూడదు.

దీనికన్నా చిక్కైనది వార్ఫరిన్. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి గుండె వాల్వు పాడై, లోహపు వాల్వు పెట్టించుకున్న ఒకామెను ఊహించుకుందాం. వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ 5 మిల్లీగ్రాముల వార్ఫరిన్ వేసుకుంటుంది. గడ్డకట్టే వేగాన్ని కొలిచే ఐఎన్‌ఆర్ 3 దగ్గర ఉంటుంది, ఆమెకు కావలసింది అదే. ఆమెకు క్షయ వచ్చింది, రిఫాంపిసిన్ మొదలైంది. వార్ఫరిన్‌లో బలమైన సగాన్ని విరగ్గొట్టేది 2సీ9. రెండో వారానికి ఐఎన్‌ఆర్ 1.5కు పడింది. వాల్వు మీద గడ్డ ఏర్పడి ముక్క మెదడుకు పోగల స్థితి ఇది. గుండె డాక్టరు డోసు పెంచుతూ పోయాడు, 7, 9, 12. ఇలాంటివారిలో పాత డోసుకు రెండింతలు, మూడింతలు, ఒక్కోసారి అయిదింతలు కూడా కావాల్సి వస్తుంది. చివరికి 14 మిల్లీగ్రాముల దగ్గర ఐఎన్‌ఆర్ మళ్లీ 3 అయింది. అయిదు నెలలు బాగానే గడిచాయి.

ఆరో నెల చివర క్షయ కేంద్రంలో ‘కోర్సు పూర్తయిందమ్మా, ఇక మాత్రలు ఆపెయ్యి’ అన్నారు. ఆ మాట గుండె డాక్టరుకు ఎవరూ చేరవేయలేదు. ఆమెకు తెలిసినంతవరకు క్షయ మందు ఊపిరితిత్తులది, వార్ఫరిన్ గుండెది. ఆమె 14 మిల్లీగ్రాములు అలాగే వేసుకుంటోంది. అదనపు ఎంజైమ్ రెండు వారాల్లో కరిగిపోయింది. పళ్లు తోముకుంటే చిగుళ్ల రక్తం ఆగడం లేదు, ఒంటి మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు, తారులాంటి విరేచనం. ఐఎన్‌ఆర్ 8. డోసు తక్కువైన నెలలో జాగ్రత్తగా ఉన్నవారంతా, డోసు ఎక్కువైన నెలలో ఏమరుపాటుగా ఉన్నారు.

ఇలా జరగకుండా ఉండాలంటే, చివరి రిఫాంపిసిన్ మాత్ర వేసుకునే తేదీ రెండు కేంద్రాలకూ ముందే తెలిసి ఉండాలి. క్షయ కార్డు మీద ఉండే ఆ తేదీని వార్ఫరిన్ పుస్తకంలో కూడా రాసుకోవాలి. ఆ రోజు నుంచి కనీసం నెల రోజుల పాటు వారానికి ఒకసారి ఐఎన్‌ఆర్ చూస్తూ, పెరుగుతున్నకొద్దీ డోసును మెట్టు మెట్టుగా దించుతారు. దింపుడు పాత 5 మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు. ఆరు నెలల్లో ఆమె బరువు పెరిగి ఉండవచ్చు, తిండి మారి ఉండవచ్చు, కాబట్టి డోసును పాత చీటీ చూసి కాక, ఆ వారపు ఐఎన్‌ఆర్ చూసే నిర్ణయిస్తారు.